ఫిడేలు లోపలి చీటీని నమ్మవచ్చా?

తాతల నాటి ఫిడేలు ఇంట్లో ఉన్నవాళ్లు దాని ఎడమవైపు ఎఫ్ ఆకారపు రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే, అడుగున అతికించిన ఒక చిన్న చీటీ కనిపిస్తుంది. చాలా ఫిడేళ్లలో ఆ చీటీ మీద లాటిన్‌లో ఒకే మాట ఉంటుంది: ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ క్రెమొనెన్సిస్ ఫేసియేబాట్ అన్నో 1721. క్రెమోనా ఊరివాడైన ఆంటోనియో స్ట్రాడివారి 1721లో దీన్ని చేశాడని అర్థం. ఏడాది మాత్రం ఒక్కో ఫిడేలుకు ఒక్కోలా ఉంటుంది. అది చూడగానే గుండె వేగంగా కొట్టుకుంటుంది. స్ట్రాడివారి ఫిడేళ్లు కోట్ల రూపాయలు పలుకుతాయని అందరూ వినే ఉంటారు.

స్ట్రాడివారి 1737లో చనిపోయాడు. ఆయన చేసిన వాయిద్యాల్లో ఇప్పటికి మిగిలినవి సుమారు 650. వాటిలో చాలా వాటికి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో చెప్పే చరిత్ర ఉంది. ఆయన పేరు చీటీలున్న ఫిడేళ్లు మాత్రం లోకంలో లెక్కలేనన్ని ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీ, బొహీమియా, ఫ్రాన్స్ దేశాల కార్ఖానాలు ఇది స్ట్రాడివారి నమూనాలో చేసిన ఫిడేలు అని చెప్పడానికి ఆ చీటీని అచ్చువేసి అతికించేవి. కొనేవాడికీ అమ్మేవాడికీ ఆ సంగతి తెలుసు. రెండు తరాలు గడిచాక, ఆ సంగతి తెలిసినవాళ్లు పోయి చీటీ ఒక్కటే మిగిలింది.

అందుకని చీటీని చివరి సాక్షిగా పెట్టుకుని, ముందు చెక్కను అడగాలి. అడిగేటప్పుడు ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు. ఫిడేలులో దొరికే ప్రతి ఆనవాలూ రెండు రకాల్లో ఒకటి చెబుతుంది: ‘ఇది ఫలానా సంవత్సరం తర్వాతే జరిగింది’ అనో, ‘ఇది ఫలానా సంవత్సరానికి ముందే జరిగింది’ అనో. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే పాత వాయిద్యాల విషయంలో తప్పులు జరుగుతాయి.

మన గోదావరి జిల్లాల ఇళ్లలో దొరికే రకం ఫిడేలు ఒకటి ఎదురుగా పెట్టుకున్నామనుకుందాం. వెనుక పలక పొడవు 14 అంగుళాలు, అంటే పెద్దవాళ్లు వాయించే పూర్తి సైజు. ముదురు గోధుమ రంగు, మధ్యలో కాస్త పసుపు. లోపల పైన చెప్పిన చీటీయే. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ‘మేడిన్ జర్మనీ’ అని కూడా ఉంది.

ఆ చిన్న అక్షరాలే చీటీలో నమ్మదగిన భాగం. విదేశీ సరుకు మీద అది తయారైన దేశం తెలియాలని బ్రిటన్ 1887లో చట్టం చేసింది. మన దేశంలో అలాంటి చట్టమే 1889లో వచ్చింది. అమెరికా 1891 నుంచి అదే నియమం పెట్టింది. అంటే దేశం పేరు ఇంగ్లీషులో అచ్చయిన చీటీ దాదాపుగా 1880ల చివరి తర్వాతిదే. ఇది ‘తర్వాతే’ రకం ఆనవాలు. జర్మనీ బదులు చెకొస్లొవేకియా అని ఉంటే 1918 తర్వాతిది, ఎందుకంటే ఆ పేరుతో దేశమే అంతకుముందు లేదు. పశ్చిమ జర్మనీ అని ఉంటే 1949 తర్వాతిది.

చీటీలో ఇంకో సూక్ష్మం ఉంది. స్ట్రాడివారి తన అసలు చీటీల్లో 1730 ప్రాంతం దాకా ఇంటిపేరు మధ్యలో లాటిన్ పద్ధతిలో ‘యు’ అక్షరం వాడాడు, ఆ తర్వాతే ‘వి’కి మారాడు. సంవత్సరంలోని చివరి అంకెలను చేత్తో సిరాతో రాసేవాడు. మన ఫిడేలు చీటీలో 1721 అని ఉంది గానీ ఇంటిపేరులో ‘వి’ ఉంది, అంకెలు నాలుగూ అచ్చులోనే ఉన్నాయి. అయినా దీని మీద ఎక్కువ బరువు పెట్టకూడదు. కాగితం ఊడదీసి మరో వాయిద్యంలో అతికించడం పెద్ద పనేమీ కాదు. చీటీ చెప్పినది చెక్క కూడా చెబితేనే లెక్క.

చెక్కను చదవడానికి కావలసినవి ఒక సన్నని ఎల్‌ఈడీ దీపం, పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దం. ఫోనుకు తగిలించే సన్నని గొట్టం కెమెరా ఉంటే ఇంకా మంచిది. తీగలను వదులు చేసి, టెయిల్‌పీస్ తగిలించే కింది బిరడాను తీస్తే, ఆ రంధ్రంలోంచి లోపలంతా కనిపిస్తుంది. కానీ తీగలన్నీ ఒకేసారి వదులు చేయకండి. బ్రిడ్జి పడిపోతుంది. లోపల రెండు పలకల మధ్య జిగురు లేకుండా బిగుతు మీద మాత్రమే నిలబడే సౌండ్ పోస్ట్ అనే పుల్ల కూడా పడిపోవచ్చు. దాన్ని తిరిగి నిలబెట్టడం అలవాటున్న చేతికే సాధ్యం. కాబట్టి ఈ ఒక్క పని మెకానిక్ దగ్గరే చేయించండి.

లోపల మొదట చూడవలసింది బాస్ బార్. పై పలక అడుగున, మందర తీగ వైపు, పొడవునా ఉండే చెక్క బద్ద అది. పై పలక మీద తీగలు వేసే భారాన్ని మోసేది ఇదే. జాగ్రత్తగా చేసిన ఫిడేలులో దీన్ని విడిగా చెక్కి అతికిస్తారు, అతుకు గీత స్పష్టంగా కనిపిస్తుంది. మన ఫిడేలులో ఆ గీత లేదు. పై పలకను లోపల తొలిచేటప్పుడు ఆ మేరకు చెక్కను వదిలేసి, దాన్నే బద్దగా మిగిల్చారు. చుట్టూ ఉలి దెబ్బలు గరుగ్గా అలాగే ఉన్నాయి. పని తొందరగా తేలడానికి కార్ఖానాలవాళ్లు పాటించిన పద్ధతి ఇది.

తర్వాత మూలలు. ఫిడేలు నడుము దగ్గర నాలుగు కొనలుంటాయి. ఒక్కో కొనలో పక్క బద్దలు కలిసేచోట లోపల ఒక దిమ్మ ఉండాలి. చవక ఫిడేళ్లలో దిమ్మలుండవు. లేదా రంధ్రంలోంచి చూసేవాడికి కనిపించే చోట మాత్రం పలచని ముక్క అడ్డం పెట్టి దిమ్మ ఉన్నట్టు చూపిస్తారు. మన దానిలో కింది మూలలు ఖాళీ.

బయట మెడ చివర ఉండే చుట్టను కూడా చూడాలి. చుట్ట వెనుక పొడవునా చెక్కే గాడి చుట్ట ముందు నుంచి దాని అడుగుకు, కంటికి సులువుగా ఆనని చోటికి తిరుగుతుంది. ఓపికున్నవాడు ఆ చివరి మలుపు దాకా చెక్కుతాడు. మన ఫిడేలులో గాడి మలుపు ముందే ఆగిపోయింది.

అతికించని బాస్ బార్, ఖాళీ మూలలు, ఆగిపోయిన గాడి. మూడూ కలిస్తే ఒక ప్రాంతం వైపు వేలు చూపుతాయి. అది జర్మనీలోని సాక్సనీలో ఉన్న మార్క్‌నొయ్‌కిర్షెన్, దానికి సరిహద్దు అవతల బొహీమియాలో ఉన్న షోన్‌బాఖ్. షోన్‌బాఖ్ పేరు ఇప్పుడు లూబీ, అది చెక్ దేశంలో ఉంది. బొహీమియా నుంచి వలస వచ్చిన ప్రొటెస్టెంట్ కుటుంబాలు మార్క్‌నొయ్‌కిర్షెన్‌లో 1677లోనే ఫిడేలు పనివారి సంఘం పెట్టుకున్నాయి. రెండు శతాబ్దాల తర్వాత అక్కడ పని ఇళ్ల మధ్య పంచుకున్నారు. ఒక ఇంట్లో చుట్టలు మాత్రమే చెక్కేవారు, మరో ఇంట్లో వెనుక పలకలు, ఇంకో ఇంట్లో పై పలకలు. ఇంకెవరో వాటిని కూర్చేవారు, మరొకరు వార్నిష్ వేసేవారు. వ్యాపారులు వాటిని డజన్ల లెక్కన ఓడల కెక్కించేవారు. ఎగుమతులు ఎంత జోరుగా సాగాయంటే, ఆ చిన్న ఊళ్లో 1893 నుంచి 1916 దాకా అమెరికా ప్రభుత్వ కాన్సులర్ కార్యాలయం పనిచేసింది.

అందువల్ల ఈ ఫిడేలు ఎవరు చేశారనే ప్రశ్నకు ఒక పేరుతో జవాబు లేదు. ఒక పేరు కోసం వెతకడం అవసరం కూడా లేదు. నాలుగైదు ఇళ్ల చేతులు దీని మీద పడ్డాయి, ఆ చేతుల్లో ఏ ఒక్కటీ సంతకం పెట్టలేదు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల మొదలై, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ ఫిడేలు నేర్పిన రోజుల్లో, మధ్యతరగతి ఇంట్లో నేర్చుకునే పిల్లవాడికి అందుబాటులో ఉండేది ఎక్కువగా ఇలాంటి వాయిద్యమే. అది తక్కువదేమీ కాదు. బాగా సర్దిన మార్క్‌నొయ్‌కిర్షెన్ ఫిడేలు కచేరీకి నిలబడుతుంది.

ఇక 1721 అన్న మాటను మెడ ఒక్కటే కొట్టిపారేస్తుంది. ఆ కాలపు ఫిడేళ్ల మెడలు పొట్టిగా ఉండేవి, లోపలి నుంచి మేకులు కొట్టి బిగించేవారు. 1800 ప్రాంతం నుంచి స్వరం గట్టిగా పలకాలని పొడవైన మెడలు పెట్టడం మొదలైంది. అప్పుడు పాత చుట్టను పారేయకుండా, బిరడాల పెట్టె దగ్గర కోసి, కొత్త మెడకు అతికించారు. అందుకే నిజంగా ఆ కాలానివైన ఫిడేళ్లలో దాదాపు అన్నిటికీ బిరడాల పెట్టె కింది భాగంలో ఆ అతుకు కనిపిస్తుంది. మన ఫిడేలు మెడ, చుట్ట ఒకే చెక్క. అతుకు లేదు. అలాగని అతుకున్నదల్లా పాతదని అనుకోకూడదు. కొన్ని కార్ఖానాలు కొత్త ఫిడేళ్ల మీద కూడా అక్కడ గీత గీసి, అతుకున్నట్టు చూపించేవి. చెక్కలోని గీతలు ఆ హద్దు దగ్గర తెగి, అవతల వేరే దిశలో సాగితేనే నిజమైన అతుకు. గీత కింది నుంచి అవి అలాగే కొనసాగితే బొమ్మ అతుకు.

పై పలక స్ప్రూస్ చెక్క. దాని మీది సన్నని నిలువు గీతల్లో ఒక్కోటీ ఆ చెట్టు పెరిగిన ఒక్కో ఏడాది. ఈ గీతల వెడల్పులను కొలిచి, తేదీలు తెలిసిన ఆల్ప్స్ చెట్ల వరుసలతో పోల్చి, చివరి గీత ఏ సంవత్సరానిదో చెప్పే పద్ధతి ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లోని యాష్మోలియన్ మ్యూజియంలో ‘మెస్సయ్య’ అనే స్ట్రాడివారి ఫిడేలు ఉంది. దాని మీద 1716 అని ఉంటుంది. అది నిజంగా ఆయనదేనా అన్న వివాదం 1990ల చివర పెద్దదైనప్పుడు ఈ గీతలనే కొలిచారు. చివరి గీత 1680ల నాటిదని తేలింది. దాంతో 1716లో చేసి ఉండవచ్చని తెలిసింది. కానీ 1716లోనే చేశారని గీతలు చెప్పలేవు, ఎవరు చేశారో అసలే చెప్పలేవు. చెక్కను కోసేటప్పుడు బయటి గీతలు కొన్ని పోతాయి. ఆ తర్వాత చెక్క ఏళ్ల తరబడి ఆరాలి. కాబట్టి ఇదీ ‘తర్వాతే’ రకం ఆనవాలే. ఖర్చుతో కూడిన ఈ పరీక్ష మన కార్ఖానా ఫిడేలుకు అవసరం లేదు. అది చెప్పగలిగినది చీటీ, చెక్కపని కలిసి ముందే చెప్పేశాయి.

మరి ‘ముందే’ అని చెప్పే ఆనవాలు ఎక్కడ దొరుకుతుంది? చాలాసార్లు ఫిడేలు లోపల కాదు, ఇంట్లోనే దొరుకుతుంది. ఫొటో, దుకాణం రసీదు, ఉత్తరం. మన ఉదాహరణలో తాతగారు ఫిడేలు పట్టుకుని దిగిన స్టూడియో ఫొటో ఉందనీ, వెనుక 1934 అని రాసి ఉందనీ అనుకుందాం. ఫొటోలోని ఫిడేలు ఇదేనని ముందు నిరూపించుకోవాలి. దానికి మేపుల్ చెక్క వెనుక పలక మీది చారలు వేలిముద్రలా పనికొస్తాయి, కానీ తాతగారు ముందువైపే చూపించారు. అందుకని ముందు పలక మీద, కుడి రంధ్రం పక్కన ఉన్న నల్లటి చెక్క మచ్చను పోల్చాలి. మచ్చ రెండింటిలోనూ ఒకే చోట ఉంటే మన ఫిడేలు 1889 తర్వాత, 1934కు ముందు తయారైందని స్థిరపడుతుంది. అంతకన్నా దగ్గరగా చెప్పేవాళ్లుంటే, ఆధారం ఏమిటని అడగండి.

ఇక మరమ్మతులు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. తయారీ సంగతి జర్మనీది, మరమ్మతుల సంగతి పూర్తిగా మనది.

వాయించిన తీరు ముందు కనిపిస్తుంది. మన విద్వాంసులు కింద కూర్చుని, ఫిడేలు ఒక కొనను ఛాతీకి ఆనించి, చుట్టను కుడి పాదం మీద పెట్టి వాయిస్తారు. ఏళ్ల తరబడి అలా పెడితే చుట్ట అంచులు అరిగి నునుపెక్కుతాయి, చెమటకు నల్లబడతాయి. నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయించిన ఫిడేలుకు ఈ గుర్తు రాదు. కార్ఖానాలో వేసిన దొంగ పాతదనం వేరే రకం. అక్కడ పలక మధ్యలో రంగు పలచగా, అంచుల్లో ముదురుగా, చూడముచ్చటగా ఉంటుంది, చెయ్యి తగలని చోట కూడా అరిగినట్టుంటుంది. నిజమైన అరుగుదల చెయ్యి, ఛాతీ, పాదం ఆనేచోటే ఉంటుంది. ఫింగర్ బోర్డు మీద గమకాల దారి గాళ్లు పడుతుంది. నల్ల రంగు వేసిన మామూలు చెక్క అయితే, వేళ్లు పోయిన దారి పొడవునా గోధుమ రంగు బయటపడుతుంది. ఎబొని అయితే లోపలా నలుపే. దసరా పూజల్లో పెట్టిన కుంకుమ, గంధం బిరడాల పెట్టె మూలల్లో ఇరుక్కుని ఉండటం కూడా చూస్తాం. వాటిని గీకి తీయకండి.

బిరడాల రంధ్రాల చుట్టూ వేరే రంగు చెక్కతో వలయం ఉంటే, రంధ్రం అరిగి పెద్దదైతే పూడ్చి, మళ్లీ తొలిచారని అర్థం. ఆ పని అవసరమైందంటే చాలా కాలం గట్టిగా వాయించిన ఫిడేలే.

ఇప్పుడు మళ్లీ లోపలికి. మన ఫిడేలు పై పలకలో ఒక పగులుంది. దాని అడుగున ఒక పాత తెలుగు పత్రిక ముక్క అతికించారు. దాని మీద వెల అణాల్లో ఉంది. మన దేశంలో నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. కాబట్టి ఆ పత్రిక దాదాపుగా అంతకుముందు అచ్చయినదే. జాగ్రత్తగా ఆలోచించవలసింది ఇక్కడే. పత్రిక వయసు మరమ్మతు వయసు కాదు. పాత కాగితాన్ని ఎన్నేళ్ల తర్వాతైనా అతికించవచ్చు. అది చెప్పేది ఒక్కటే, మరమ్మతు ఆ పత్రిక అచ్చయిన తర్వాత జరిగింది.

అదే పగులు మీద, కాగితం అంచును కప్పుతూ చిన్న టేకు ముక్క ఉంది. ఇది రెండో మరమ్మతు, ఎందుకంటే పైన ఉన్నది కింద ఉన్నదాని కన్నా తర్వాతిది. టేకు యూరప్ ఫిడేలు పనిలో ఇలాంటి చోట వాడే చెక్క కాదు. అక్కడివాళ్లయితే పలకకు తగిన స్ప్రూస్‌నే చిన్న పలకలుగా కోసి పెడతారు. కాబట్టి ఈ మరమ్మతు చాలా వరకు మన వడ్రంగి చేతిదే.

ఆ టేకు ముక్క చుట్టూ ఊరి గట్టిపడిన జిగురు ఉంది. సంప్రదాయంగా ఫిడేలుకు వాడేది పశువుల తోలు ఉడికించి తీసిన జిగురు. వేడి, తడి తగిలితే అది కరిగి వదిలేస్తుంది, పలకకు హాని జరగకుండా మళ్లీ విప్పుకోవచ్చు. మన కోస్తా ఉక్కపోతకు పాత ఫిడేళ్ల అంచులు ఊడిపోయేది అందుకే. అది లోపం కాదు. అంచు ఊడితే పలక పగలకుండా బతుకుతుంది. మన ఫిడేలులోని జిగురు బొట్టు మీద గోరువెచ్చని తడి దూదిని కొద్దిసేపు పెడితే, అది కరగకుండా పాలలా తెల్లబడి రబ్బరులా సాగింది. అంటే తెల్ల జిగురు. ఫెవికాల్ మన బజారులోకి వచ్చింది 1959లో. కాబట్టి టేకు ముక్క అతికించింది దాదాపుగా ఆ తర్వాతే. ఈ పరీక్ష లోపలి బొట్టు మీద మాత్రమే చేయాలి. బయటి వార్నిష్‌కు నీళ్లు, ముఖ్యంగా స్పిరిట్, తగలనివ్వకూడదు. ఆ కాలపు చాలా వార్నిష్‌లు స్పిరిట్‌లో కరుగుతాయి.

మూడో మరమ్మతు బయటిది. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేసి చూస్తే, పాత వార్నిష్ ఒక రంగులో, తర్వాత పూసినది ఇంకో రంగులో వెలుగుతాయి. లక్క పూత నారింజ రంగులో మెరుస్తుంది. కొత్త రంగుతో అద్దిన చోట్లు నల్లని మచ్చల్లా కనిపిస్తాయి. మన ఫిడేలు ఒళ్లంతా నారింజ రంగే, పగులు మీద కూడా. అంటే పగులు మూశాక ఎవరో మొత్తానికి లక్క పాలిష్ కొట్టించారు. మంచి ఉద్దేశంతోనే కొట్టించి ఉంటారు. కానీ అరుగుదలలో ఎంతో భాగం ఆ పూత కింద పడిపోయింది.

కాబట్టి తీర్పు ఇది. ఇది 1889, 1934 మధ్య మార్క్‌నొయ్‌కిర్షెన్ ప్రాంతపు ఇళ్లలో చేతులు మారుతూ తయారైన ఎగుమతి ఫిడేలు. మన దేశంలో చాలా కాలం పాదం మీద పెట్టుకుని వాయించారు. పై పలక పగిలితే మొదట కాగితంతో, 1959 తర్వాత టేకుతో అతికించారు, ఆ తర్వాత పాలిష్ చేశారు. స్ట్రాడివారికి దీనితో సంబంధం లేదు. వేలంలో దీని ధర ఎక్కువ పలకదు. అయితే పగులు పై పలకలో, సౌండ్ పోస్ట్‌కు దూరంగా ఉంది కాబట్టి, తెల్ల జిగురు తీయించి సరిగ్గా అతికిస్తే హాయిగా వాయించుకోవచ్చు. అదే పగులు వెనుక పలకలో, సౌండ్ పోస్ట్ ఆనే చోట ఉంటే మరమ్మతు ఖర్చు ఫిడేలు ధరను మించిపోతుంది.

మీ ఇంట్లో ఇలాంటి ఫిడేలు ఉంటే, బాగు చేయించే ముందు లోపలా బయటా ఫొటోలు తీసి పెట్టుకోండి. చీటీ దొంగదని తెలిసినా ఊడదీయకండి. పాత బిరడాలు మార్చినా పారేయకండి. కొత్తగా కనిపించాలని పాలిష్ చేయించకండి, తెల్ల జిగురు వాడనివ్వకండి. పని పూర్తయ్యాక ఏ ఊళ్లో, ఏ తేదీన, ఏం చేశారో మెకానిక్ చేత ఒక చీటీ మీద రాయించి, సంతకం పెట్టించి, ఫిడేలు పెట్టెలో భద్రపరచండి.